ఆదివారం తెలుగు క్లాసు: మొదటి గంటలో ఏ అక్షరాలు నేర్పాలి?

ఫ్రిస్కో_నాన్న

అందరికీ నమస్కారం. మా కాలనీ క్లబ్‌హౌస్‌లో వచ్చే ఆదివారం నుంచి పిల్లలకి తెలుగు అక్షరాల క్లాసు మొదలుపెడుతున్నాం. టీచర్ని నేనే, ఎందుకంటే వాట్సాప్ గ్రూపులో ఇంకెవరూ చెయ్యెత్తలేదు. ఎనిమిది మంది పిల్లలు, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ లోపు. అందరూ ఇక్కడ టెక్సస్‌లో పుట్టినవాళ్ళే. ఇంట్లో వాళ్ళ చెవిన పడే తెలుగు "తిన్నావా, ఇటు రా, పడుకో" అంతవరకే. ఒక పాప వాళ్ళమ్మది మహారాష్ట్ర, వాళ్ళింట్లో మొత్తం ఇంగ్లీషే.

వారానికి ఒక్క గంట. మధ్యలో ఎవరూ పుస్తకం తియ్యరన్న సంగతి నాకు ముందే తెలుసు.

నా ప్లాన్ ఇది. మొదటి వారం అ నుంచి ఋ దాకా, రెండో వారం మిగతా అచ్చులు, ఆ తర్వాత వారానికి ఒక వర్గం. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని బొమ్మల చార్టు ఒకటి ఇండియా నుంచి తెప్పించాను. రెండు నెలల్లో వర్ణమాల అయిపోతుంది, అప్పుడు గుణింతాలు ఎత్తుకోవచ్చు. ఇలా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

కోనసీమ_కుర్రాడు

ఇందులో టెన్షన్ ఏముంది అన్నా. మనమందరం అలాగే కదా నేర్చుకుంది. అ ఆ ఇ ఈ ఒక రాగంలో పాడించండి, నెలలో 56 అక్షరాలూ నోటికొచ్చేస్తాయి. మా మేనకోడలు మూడేళ్ళకే అం అః దాకా గడగడా చెప్పేది. నోటికొస్తే రాయడం ఎంతసేపు.

బలపం

ఫ్రిస్కో_నాన్న గారూ, నేను న్యూజెర్సీలో ఇలాంటి క్లాసే చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. మీ ప్లాన్‌లో ఇబ్బంది ఎక్కడొస్తుందో చెప్తాను, చదివి మీరే నిర్ణయించుకోండి.

మీ చార్టులో మొదటి గడి చూడండి. అ పక్కన అమ్మ బొమ్మ, కింద "అమ్మ" అని రాసుంటుంది. పిల్లకి తెలిసింది అ ఒక్కటే. మ తెలీదు, దాని కింద మావత్తు అసలే తెలీదు. అంటే ఆ మాటని చదవట్లేదు, బొమ్మ చూసి చెప్తోంది. రెండో గడిలో "ఆవు", అక్కడ వ కి కొమ్ముంది. మూడోది "ఇల్లు", ఒత్తూ కొమ్మూ రెండూ ఉన్నాయి. పదహారు గడులు పూర్తయినా ఆ పిల్ల సొంతంగా ఒక్క మాట కూడా కూడబలుక్కుని చదవలేదు. కోనసీమలో పెరిగే పిల్లకి ఇది సమస్య కాదు, బడి నుంచి ఇంటికెళ్ళే దారిలో పది బోర్డులు కనిపిస్తాయి, మాటలన్నీ ముందే తెలుసు. మీ ఎనిమిది మందికీ అక్షరం కనిపించేది ఆ ఒక్క గంటే.

ఇంకోటి. తెలుగులో అచ్చు తన సొంత రూపంలో దాదాపు మాట మొదట్లోనే వస్తుంది. మధ్యలో వచ్చేదంతా హల్లుల మీద గుర్తులే, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము. ఏ పేజీ అయినా తీసి చూడండి, ఋ, ఊ, ఐ, ఔ లాంటివి ఎన్నిసార్లు కనిపిస్తాయో. అలాంటిది రెండు వారాలు అచ్చుల మీదే పెడితే, ఆ పిల్లలకి మళ్ళీ మళ్ళీ కనిపించని అక్షరాలు ముందు నేర్పి, రోజూ కనిపించేవి వెనక్కి తోసినట్టు.

మొదటి రోజు నాలుగే అక్షరాలు చెప్పండి. వ, డ, ల, త. వీటితో వడ, వల, తల మూడు మాటలొస్తాయి. ఒత్తుల్లేవు, గుణింతాల్లేవు, ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. మూడూ చేత్తో చూపించగలిగినవే.

కోనసీమ_కుర్రాడు

మా వైపు వడ అనం, గారె అంటాం. అది మాత్రం ఒప్పుకోను 😄

బలపం

తమ్ముడూ, గారెలో గ కి దీర్ఘం, ర కి ఎత్వం. రెండు నెలలు ఆగు, నీ గారె కూడా వస్తుంది.

ఇంట్లోనే_తెలుగు

మా వాడికి తొమ్మిదేళ్ళండీ. తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడతాడు, వాళ్ళ తాతయ్యతో ఫోన్లో క్రికెట్ గురించి అరగంట వాదిస్తాడు. కానీ చదవమంటే పారిపోతాడు. వాడికి ఈ వడ, వల ఇస్తే నవ్వుతాడేమో. పెద్ద బాలశిక్ష తెప్పించి రోజూ ఒక పేజీ చదివిస్తున్నాను. అది సరైన పద్ధతేనా? ఫ్రిస్కో గారి పిల్లలకీ అదే పనికొస్తుందనుకుంటున్నాను.

బలపం

మీ వాడిది వేరే కేసండీ. మాట ముందే ఉంది, గుర్తు పట్టడమే మిగిలింది. వాడికి వాడి నోట వచ్చే మాటలే రాసిచ్చి చదివించండి, క్రికెట్ స్కోరైనా సరే, తొందరగా అందుకుంటాడు. ఇక్కడి పిల్లలకి "వల" అని చదివితే అది ఏంటో కూడా తెలీదు. శబ్దం, అర్థం, గుర్తు మూడూ ఒకేసారి కొత్త. అందుకే మాటలు తక్కువ పెట్టమంటున్నాను.

గుండ్రటి_లిపి

నాకు తెలిసినంతలో ఆకారాన్ని బట్టి గుంపులుగా నేర్పడం మేలు. వ రాయడం వస్తే ప, మ, య, ష అన్నీ అందులోంచే వస్తాయి. ఒకే రోజు ఐదు అక్షరాలు పూర్తి. మా అమ్మాయికి నేనలాగే రాయించాను, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

బలపం

చెయ్యి తిరగడానికి మీరు చెప్పింది నిజమే, రాత కోసం నేనూ ఆ గుంపులే వాడతాను. కానీ చదవడానికి అది ఎదురు తిరుగుతుంది. వ, ప మధ్య తేడా ఏంటి? ఎడమవైపు పైన మూసుకుని ఉందా, తెరుచుకుని ఉందా, అంతే. తెలుగు అక్షరంలో అలాంటి చిన్న ఖాళీని పట్టించుకునే అలవాటు ఈ పిల్లలకి ఇంకా లేదు. ఒకే రోజు రెండూ ఇస్తే మూడు నెలల తర్వాత కూడా వలని పల అని, పడవని వడవ అని చదువుతుంటారు. ముందు వ బాగా కుదరాలి, రెండు మూడు వారాల తర్వాత ప రావాలి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి "ఏది మూసుకుంది?" అని అడగాలి.

డ, ద కి కూడా ఇదే కథ. నేను డ ముందు పెట్టడానికి ఇంకో కారణం, డ ధ్వని వాళ్ళ నోటికి ఇంగ్లీషు వల్ల ముందే దగ్గర. ద చాలా వెనక్కి నెట్టండి.

గుండ్రటి_లిపి

మా అమ్మాయికి అలాంటి తికమక రాలేదే. ఇంట్లో రోజూ రాయించినందుకేమో మరి.

పంతులమ్మ_గుంటూరు

నాయనా, నేను ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు షార్లెట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బలపం గారు చెప్పిన సరళ పదాల పద్ధతి కొత్తదేం కాదు, మన ఒకటో తరగతి వాచకాలు ఎప్పుడో వర్ణమాల వరస వదిలేసి మాటలతోనే అక్షరాలు చెబుతున్నాయి. మన చార్టులే ఇంకా మారలేదు.

నేను చెప్పేది రాత గురించి. మొదటి రోజే పెన్సిల్ ఇవ్వకండి. ఇక్కడి పిల్లలకి అక్షరం అంటే పైనుంచి కిందికి ఒక గీత గీసి మొదలుపెట్టడం. మన అక్షరానికి నిలువు గీతే లేదు, అంతా మెలికే. పెన్సిలిస్తే గీతలు అతికిస్తారు, వ ని రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టినట్టు విడివిడిగా వేస్తారు. స్టీలు పళ్ళెంలో ఉప్మా రవ్వ పలచగా పొయ్యండి, వేలితో దిద్దించండి. రవ్వ మందంగా పోస్తే గాడి పూడిపోతుంది, కింద పళ్ళెం కనిపించేంత పలచగా ఉండాలి. అక్షరం అరచేయంత పెద్దగా రావాలి. వేలు ఎత్తకుండా ఒళ్ళు అంతా ఒక్క ఊపులో వచ్చాక, తలకట్టు విడిగా చివర పెట్టించు. తలకట్టు పెట్టేటప్పుడు గట్టిగా "అ" అనమను. ఇది మాత్రం మర్చిపోకు. రేపు గుడి పెట్టాలంటే ఆ తలకట్టు తీసెయ్యాలి, అది అక్షరంలో భాగం కాదు, అ అనే గుర్తు అని వాడికి మొదటి రోజునుంచీ చేతికి తెలియాలి.

ఫ్రిస్కో_నాన్న

టీచర్ గారూ, చాలా థాంక్స్ అండీ. ఒక సందేహం. వ, డ, త కి తలకట్టు ఉంది. ల కి లేదు కదా? పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

పంతులమ్మ_గుంటూరు

అడుగుతారు, తప్పకుండా అడుగుతారు, అడిగారంటే వింటున్నారన్నమాట. ఖ, జ, ట, ణ, బ, ల ఇలా కొన్నిటికి తలకట్టు ఉండదు. "వీటికి టోపీ లేదు, అయినా అ అనే అంటాం" అని చెప్పి వదిలెయ్యి. కారణాలు చెప్పబోకు, గంట అయిపోద్ది.

రెండోతరం

నేను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాను, పెద్దయ్యాక తెలుగు చదవడం నేర్చుకున్నాను, కాబట్టి ఆ పిల్లల వైపు నుంచి ఒక మాట. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ప్రతి అక్షరం కింద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉండటం. అది లేకపోతే ఇంటికెళ్ళాక ఎలా చదవాలో గుర్తుండేది కాదు. కార్డుల వెనక అయినా రాసివ్వండి.

బలపం

ఇక్కడ నేను ఒప్పుకోలేను. మీరు నేర్చుకున్నప్పుడు పెద్దవాళ్ళు, ఆ ఇంగ్లీషు అక్షరాన్ని తెలుగు శబ్దంగా మార్చుకోగలిగారు. ఏడేళ్ళ పిల్ల వడ అని ఇంగ్లీషులో రాసింది చూస్తే "వేడా" అంటుంది. తల అని రాస్తే "టాలా". ఇంగ్లీషు చదువు వాళ్ళకి కొత్తగా వంటబట్టిన వయసది, కంటికి ఇంగ్లీషు అక్షరం కనిపిస్తే పక్కనున్న తెలుగు అక్షరాన్ని ఇక చూడరు. త ని ట అనడం ఒకసారి అలవాటైతే వదిలించడానికి ఏడాది పడుతుంది.

శబ్దం గుర్తుండాలంటే మీ గొంతు పది సెకన్లు రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. అది చాలు.

రెండోతరం

ఆడియో ఎవరూ వినరండీ, నిజంగా. కార్డు మీద ఉంటేనే చూస్తారు. మా కజిన్ పిల్లలకి అలాగే చెబుతున్నాను, బానే చదువుతున్నారు. టాలా అన్నా ముందు చదివారు కదా, తర్వాత దిద్దుకోవచ్చు.

పోర్ట్_లూయీ

నేను మారిషస్ నుంచి. మా దగ్గర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛికంగా తీసుకోవచ్చు, పిల్లల ఇంటి భాష మాత్రం క్రియోల్. తరాలుగా ఇదే పరిస్థితి, కాబట్టి మీ సమస్య మాకు రోజువారీ పని.

ఇంగ్లీషు పిల్లలకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంటుంది, చూసుకోండి. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే ప, క, ట లని గాలి వదులుతూ పలుకుతారు. అందుకే వాళ్ళ నోట కల అంటే ఖలలా, పడవ అంటే ఫడవలా వినిపిస్తుంది. టిష్యూ కాగితం చిన్న ముక్క నోటి ముందు పట్టుకుని ప అనమనండి. కాగితం ఊగితే తప్పు, ఊగకపోతే ఒప్పు. పిల్లలు దీన్ని ఆటలా ఆడతారు. మా పిల్లలకి ఈ ఇబ్బంది అంతగా ఉండదు.

రెండోది హ్రస్వం. మాట చివర పొట్టి అ వాళ్ళ చెవికి ఆనదు. వడని "వాడా" అంటారు. ఇది దిద్దకుండా వదిలేస్తే దీర్ఘం చెప్పే రోజున వడకీ వాడకీ తేడా ఎలా చెబుతారు? మేము హ్రస్వానికి బల్ల మీద వేలితో ఒక తట్టు, దీర్ఘానికి చెయ్యి బల్ల మీద జార్చడం అలవాటు చేస్తాం. వడ అంటే తట్టు, తట్టు.

ఫ్రిస్కో_నాన్న

ఇవన్నీ చదివాక మొత్తం మార్చేశాను. చూసి చెప్పండి.

మొదటి పది నిమిషాలు అక్షరం ఊసే ఎత్తను. మా ఆవిడ వడలు వేసిస్తానంది. ఒక బ్యాడ్మింటన్ నెట్ తెచ్చి వల అని చూపిస్తాను. తల ముట్టుకోమంటే ముట్టుకోవాలి. "వడ ఏది, వల పట్టుకో, తల మీద చెయ్యి పెట్టు", ఈ మూడు మాటలతోనే ఆట. తర్వాత ఇరవై నిమిషాలు కార్డులు, ముందు వ, డ, వడ, ఆ తర్వాత ల, చివర్లో త. ఆ తర్వాత పావుగంట రవ్వ పళ్ళేలు, వ, ల మాత్రమే. మిగిలిన సమయం కార్డుల ఆట. కార్డులు కంప్యూటర్లో Noto Sans Telugu ఫాంటులో ప్రింట్ చేశాను, ఒక్కో అక్షరం కార్డంతా నిండేలా.

ఒకటే దిగులు. వారానికి నాలుగంటే ఈ లెక్కన ఏడాది పట్టదా?

బలపం

రెండో వారం నుంచి నాలుగు కూడా కాదు, రెండే. ముందువి సగం మర్చిపోయి వస్తారు.

అయినా లెక్క చూడండి. ఖ, ఘ, ఛ, ఝ లాంటి వత్తు అక్షరాలు, ఙ, ఞ, ఱ ఇవన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మిగిలేవి క గ చ జ ట డ ణ త ద న ప బ మ య ర ల వ శ ష స హ ళ. ఇరవై రెండు. మొదటి రోజు నాలుగు, తర్వాత వారానికి రెండు చొప్పున తొమ్మిది వారాలు. మొత్తం పది క్లాసులు. మీ పాత ప్లాన్‌కి పట్టే రెండు నెలలకీ దీనికీ పెద్ద తేడా లేదు, కాకపోతే ఇక్కడ మొదటి రోజునుంచే చదువుతుంటారు.

ఫాంటు విషయం, ఒకటే పట్టుకోండి. వర్క్‌షీటు ఒక ఫాంటు, కార్డు ఇంకో ఫాంటు అయితే కొన్ని అక్షరాల మెలికలు మారతాయి, పెద్దవాళ్ళం మనం గమనించం, పిల్లలు అది వేరే అక్షరం అనుకుంటారు. అలంకారంగా ఉండే ఫాంట్లు అసలొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. చివర్లో తల చదివించాక, ఏం చెప్పకుండా అవే రెండు కార్డులు తిప్పి "లత" అని పెట్టండి. చదివింది అక్షరాలా, లేక మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకున్నారా అన్నది అప్పుడు తెలుస్తుంది. బొమ్మలా పట్టుకున్న పిల్ల తల అనే అంటుంది.

కోనసీమ_కుర్రాడు

లత అంటే పిల్లలకి తెలీదుగా, తెలియని మాట పెడితే ఎలా చదువుతారు?

బలపం

తెలీకపోవడమే కావాలి తమ్ముడూ. తెలిసిన మాటైతే ఊహించేస్తారు. చదివాక "అది ఒక అమ్మాయి పేరు" అని చెప్తే సరి.

ఫ్రిస్కో_నాన్న

నిన్న క్లాసయ్యింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాటల ఆట అనుకున్నదానికంటే బాగా నడిచింది, వడలు అయిపోవడం వల్ల కూడా అయ్యుండొచ్చు. వ, డ కార్డులు పక్కపక్కన పెట్టి వేలు జరుపుతూ చదివితే ఐదుగురు వెంటనే వడ అన్నారు. పోర్ట్_లూయీ గారు చెప్పినట్టే ముగ్గురు "వాడా" అన్నారు. బల్ల మీద తట్టించాక ఇద్దరికి కుదిరింది, ఒకడు తడుతూనే వాడా అంటున్నాడు.

త దగ్గర ఇబ్బందొచ్చింది. నాలుక పళ్ళకి ఆనించమంటే కొంతమంది నాలుక మొత్తం బయటపెట్టి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వులు. ఐదు నిమిషాలు పోయాయి. ఇంగ్లీషులో ఆలోచించడానికి వాడే మాట మొదట్లో నాలుక ఎక్కడుంటుందో అక్కడ పెట్టమన్నాను, గాలి వదలొద్దన్నాను. సగం మందికి వచ్చింది.

ఇక లత. ఎనిమిది మందిలో నలుగురు తల అన్నారు! ఒక పాప ధీమాగా తల అని తన తల ముట్టుకుంది కూడా. అప్పుడు రెండు కార్డులూ దూరంగా జరిపి "ఇదేంటి?" అంటే ల అంది, "ఇదేంటి?" అంటే త అంది. మెల్లగా దగ్గరికి జరుపుతూ చదివిస్తే లత వచ్చింది. ఆ నలుగురిలో ముగ్గురికి ఇలా వచ్చింది. నాలుగో వాడు ఆరేళ్ళవాడు, వాడు అప్పటికే నెట్ కిందకి దూరాడు.

రవ్వలో వ బాగానే వచ్చింది. ల ని ఇద్దరు అద్దంలో చూసినట్టు తిప్పి రాశారు. మరాఠీ తల్లి ఉన్న పాప అందరికంటే నీట్‌గా రాసింది.

తొమ్మిదేళ్ళ అబ్బాయి మాత్రం "ఇది చిన్నపిల్లలది, నాకు నా పేరు రాయడం నేర్పండి" అని పట్టుబట్టాడు. వాడి పేరులో రెండు ఒత్తులున్నాయి. ఏం చెయ్యాలి?

పంతులమ్మ_గుంటూరు

వాడి పేరు పెద్దగా అట్ట మీద రాసి వాడి కుర్చీ ముందు పెట్టు నాయనా. అందరికీ పెట్టు. ఇప్పుడే చదవమనబోకు. వారం వారం కొత్త అక్షరం రాగానే "నీ పేరులో ఇది ఉందేమో వెతుకు" అను. ఉంటే దాని చుట్టూ సున్నా చుట్టిస్తావు. వాడికి వాడి పేరు కొంచెం కొంచెంగా చేతికొస్తుంది. పెద్దవాడు కదా, రవ్వ పళ్ళేలు పంచే పని కూడా వాడికే ఇవ్వు.

అద్దంలో చూసినట్టు రాసినవాళ్ళ గురించి దిగులొద్దు. ఆరేళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు కూడా అలాగే తిప్పుతారు. వాళ్ళ వెనక నిలబడి వేలు పట్టుకుని దిద్దించు, ఎదురుగా నిలబడి చూపిస్తే వాళ్ళు తలకిందులుగా చూస్తారు.

బలపం

నలుగురు లత చదవగలిగారంటే మొదటి రోజుకి అది మంచి లెక్కే. మిగతావాళ్ళకి మీరు కార్డులు జరిపి చేసిందే సరైన పని, వచ్చే వారం అదే చెయ్యండి.

హోంవర్కు మాటేమిటి? నాలుగు కార్డులు ఒక కవరులో పెట్టి ఇంటికి పంపండి. కానీ అమ్మానాన్నలకి ఒక్క షరతు గట్టిగా చెప్పండి. పిల్ల చదవకముందు వాళ్ళు చదవకూడదు. మన తల్లిదండ్రులకి ఓపిక తక్కువ, పిల్ల రెండు సెకన్లు ఆగితే "వడ, చెప్పు వడ" అనేస్తారు, పిల్ల వాళ్ళ నోరు చూసి చెప్తుంది. వచ్చే ఆదివారం వల చదివి, కార్డులు తిప్పి లవ అని పెడితే బిక్కమొహం వేసిందంటే ఇంట్లో జరిగింది అదే.

రెండో వారానికి జ, ర తీసుకోండి. జడ, జత, జల, వర వస్తాయి. జడ ఆడపిల్లల దగ్గరే ఉంటుంది, బొమ్మ కూడా అక్కర్లేదు.

పోర్ట్_లూయీ

ప, మ వచ్చాక వెంటనే దీర్ఘం చెప్పెయ్యమంటాను. ఎందుకంటే ఈ పిల్లలకి ముందే తెలిసిన మాటలు తాత, పాప, మామ. ఈ మూడూ దీర్ఘం ఒక్కటి వస్తే చదివెయ్యొచ్చు. తెలిసిన మాటని అచ్చులో చూసినప్పుడు పిల్ల మొహం వేరుగా ఉంటుంది. ఇరవై రెండు హల్లులూ అయ్యేదాకా ఆ మాటల్ని దాచిపెట్టడం ఎందుకు?

పంతులమ్మ_గుంటూరు

నేనైతే ఒప్పుకోను. తలకట్టుతో అన్ని హల్లులూ కుదిరాకే దీర్ఘం. మధ్యలో తెస్తే వడ, వాడ కలిపేస్తారు. ఇప్పుడే చూశారుగా, ముగ్గురు వాడా అంటున్నారు. వాళ్ళకి ఇప్పుడు దీర్ఘం చూపిస్తే అన్నీ దీర్ఘాలే అయిపోతాయి.

పోర్ట్_లూయీ

అమ్మా, నా అనుభవం దానికి తలకిందులు. రెండూ పక్కపక్కన కంటికి కనిపిస్తేనే చెవికి తేడా తెలుస్తుంది. ఒక్క హ్రస్వమే ఉన్నంతకాలం వాళ్ళకి అది పొట్టి అని ఎలా తెలుస్తుంది, పక్కన పొడుగుది లేనిదే?

బలపం

ఇద్దరూ చెప్పినవీ నేను రెండు వేరు వేరు బ్యాచులకి చేశాను, ఇది గెలిచింది అని చెప్పలేను. ఇంట్లో తాత, పాప లాంటి మాటలు వినే పిల్లలున్న బ్యాచులో దీర్ఘం ముందు తెస్తే లాభం కనిపించింది. అవి కూడా వినని పిల్లలకి పెద్ద తేడా లేదు.

ఫ్రిస్కో_నాన్న

మా ఎనిమిది మందిలో ఆరుగురికి తాత తెలుసు, వీడియో కాల్లో చూస్తారు. వాడా అనడం పూర్తిగా తగ్గాక, ఐదో వారం తాత, పాపతో దీర్ఘం మొదలుపెట్టి చూస్తాను. టీచర్ గారూ, కోప్పడకండి, తేడా కొడితే మళ్ళీ ఇక్కడికే వస్తాను.

పంతులమ్మ_గుంటూరు

కోపమెందుకు. వచ్చే వారం రవ్వ పళ్ళేల కింద పాత దుప్పటి పరువు, క్లబ్‌హౌస్ వాళ్ళు మళ్ళీ గది ఇవ్వాలిగా.

రెండోతరం

ఆ కార్డుల ఫైలు ఇక్కడ పెట్టగలరా? వెనకవైపు నేను ఇంగ్లీషు రాసుకుంటాను, బలపం గారు చూడకపోతే చాలు.

బలపం

చూస్తూనే ఉన్నాను 😄